పంపు షాఫ్టులు చేసే మా యూనిట్: పరిచయ వీడియో వాయిస్ ఓవర్

(దృశ్యం: లేత్ మీద తిరుగుతున్న స్టీలు రాడ్)

పంపు లోపల తిరిగే షాఫ్ట్ బయటికి కనిపించదు. అది కాస్త వంకరగా ఉన్నా బేరింగ్ వేడెక్కుతుంది, సీలు అరుగుతుంది, చివరికి పంపు ఆగిపోతుంది. మేం తయారుచేసేది ఆ షాఫ్టులే.

(దృశ్యం: స్టోర్‌లో రాడ్ల మీద హీట్ నంబర్లు)

స్టీలు ఏ బ్యాచ్‌లో కరిగించిందో చెప్పేది హీట్ నంబరు. స్టీలు రాగానే సర్టిఫికెట్‌లోని హీట్ నంబరు, రాడ్ మీది నంబరు ఒకటేనా అని చూస్తాం. కలవకపోతే ఆ రాడ్ మెషిన్ దాకా రాదు.

(దృశ్యం: మైక్రోమీటర్ పట్టుకున్న చేతులు)

సెట్టింగ్ అయ్యాక వచ్చే మొదటి పీస్ నేరుగా మా ఇన్‌స్పెక్టర్ టేబుల్ మీదికి వెళ్తుంది. ఆమె ముందు దాన్ని తుడిచి చల్లారనిస్తారు. వేడి మీద లోహం వ్యాకోచిస్తుంది, ఆ కొలతను నమ్మలేం. 25 మిల్లీమీటర్ల షాఫ్ట్‌లో బేరింగ్ కూర్చునే చోట మాకున్న టాలరెన్స్ 0.013 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందం కన్నా తక్కువ! ఆమె సంతకం పడ్డాకే మిగతా పీసులు మొదలవుతాయి.

(దృశ్యం: ఆపరేటర్ మెషిన్ ఆపుతున్నారు)

కొలత పక్కకు జరుగుతోందనిపిస్తే మెషిన్ ఆపే అధికారం ఆపరేటర్‌దే. ఎవరినీ అడగక్కర్లేదు, డెలివరీ టెన్షన్ ఎంతున్నా సరే. టూల్ అరిగిందని శబ్దాన్నిబట్టే పసిగట్టే మా సీనియర్ టర్నర్, కొత్తవాళ్లకి ముందుగా నేర్పేది ఇదే. మాకు అన్నిటికన్నా గర్వంగా అనిపించేదీ ఇదే.

(దృశ్యం: ప్యాకింగ్)

తేడా వచ్చిన పీస్ తాళం వేసిన ఎర్ర డబ్బాలోకి పోతుంది. మంచివాటికి తుప్పు పట్టకుండా నూనె రాసి, హీట్ నంబరుతో ప్యాక్ చేస్తాం.

మీ డ్రాయింగ్ పంపండి. ముందు శాంపిల్ పీసులు చేసి, కొలతల రిపోర్టుతో సహా మీ చేతికిస్తాం.