ఫంక్షన్ హాల్ బుకింగ్ అసైన్‌మెంట్: 17, 42 నంబర్ల సొల్యూషన్లలో ఏది కరెక్ట్?

థర్డ్ ఇయర్ బి సెక్షన్, డీఏఏ ల్యాబ్ విద్యార్థులకు,

నాలుగో అసైన్‌మెంట్‌లో 17వ రోల్ నంబర్‌కి తొమ్మిది మార్కులు, 42వ రోల్ నంబర్‌కి ఆరు పడ్డాయి. ఇద్దరి ప్రోగ్రాములూ ఇచ్చిన మూడు శాంపిల్స్‌కీ ఒకే జవాబు ఇస్తున్నాయి కదా, మరి నాకెందుకు తగ్గాయని 42 రీవాల్యుయేషన్ అడిగింది. అడగడం న్యాయమే. రెండు కోడ్‌లూ మళ్లీ మొదటి నుంచి చదివాను. ఇందులో అందరికీ పనికొచ్చే విషయం ఉంది కాబట్టి నా నిర్ణయాన్ని, దానికి కారణాలను సెక్షన్ మొత్తానికీ రాస్తున్నాను.

ప్రశ్న ఇది: ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాల్ ఉంది. ఒకే రోజుకి చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరు మొదలయ్యే గంట, ముగిసే గంట ఇచ్చారు. ఒకేసారి రెండు ఫంక్షన్లు కుదరవు. ఒకటి పన్నెండుకి ముగిస్తే ఇంకొకటి పన్నెండుకే మొదలవ్వొచ్చు. గరిష్ఠంగా ఎన్ని బుకింగ్‌లు తీసుకోవచ్చు? అడిగింది ఎన్ని బుకింగ్‌లు అని. హాల్ ఎన్ని గంటలు నిండిందని కాదు, ఎంత డబ్బు వచ్చిందని కాదు.

17వ నంబర్ రాసింది:

```python
def max_bookings(b):
    b = sorted(b, key=lambda x: x[1] - x[0])
    taken = []
    for s, e in b:
        if all(e <= p or s >= q for p, q in taken):
            taken.append((s, e))
    return len(taken)
```

42వ నంబర్ రాసింది:

```python
def f(l):
    l.sort(key=lambda x: x[1])
    c = 0
    t = 0
    for i in range(len(l)):
        if l[i][0] >= t:
            c = c + 1
            t = l[i][1]
    return c
```

చూడగానే మొదటిది నచ్చుతుంది. పేర్లు చక్కగా ఉన్నాయి, రికార్డులో వివరణ కూడా ఉంది: "తక్కువ సేపు జరిగే ఫంక్షన్‌ని ముందు తీసుకుంటే హాల్‌లో ఎక్కువ టైమ్ మిగులుతుంది, కాబట్టి ఎక్కువ ఫంక్షన్లు పడతాయి." వినడానికి సబబుగానే ఉంది. రెండో దాంట్లో `f`, `l`, `c`, `t` అని ఒంటి అక్షరాలు, ఒక్క కామెంట్ లేదు. వైవాలో "ముగిసే టైమ్ ప్రకారమే ఎందుకు సార్ట్ చేశావమ్మా?" అంటే "అలా పెడితే వచ్చింది సార్" అంది. మార్కులు అలా పడడానికి కారణం ఇదే. కానీ చక్కగా రాయడం వేరు, సరిగ్గా రాయడం వేరు.

శాంపిల్స్ రెంటినీ ఎందుకు విడదీయలేకపోయాయో చూడండి. మొదటి శాంపిల్‌లో 9–11, 10–13, 11–14, 14–16 ఉన్నాయి. తక్కువ సేపు ఉన్నవి ముందు తీసుకున్నా, ముందు ముగిసేవి ముందు తీసుకున్నా మూడే వస్తాయి. ప్రశ్న అర్థం కావడానికి ఇచ్చిన శాంపిల్స్ అవి. వాటిలో పాసైతే ప్రోగ్రామ్ కరెక్టని ఎక్కడా అనలేదు.

ఇప్పుడు ఈ మూడు బుకింగ్‌లు కాగితం మీద గీసుకోండి. పొద్దున 8 నుంచి 12 దాకా ఓణీల ఫంక్షన్. 11 నుంచి 14 దాకా సీమంతం. 13 నుంచి 17 దాకా ఎంగేజ్‌మెంట్.

17వ నంబర్ కోడ్‌కి సీమంతం ముందు దొరుకుతుంది, ఎందుకంటే అది మూడు గంటలే, మిగతావి నాలుగేసి గంటలు. సీమంతాన్ని తీసుకోగానే 11–12 మధ్య ఓణీల ఫంక్షన్‌తో, 13–14 మధ్య ఎంగేజ్‌మెంట్‌తో తగులుతుంది. రెండూ పోయాయి. జవాబు 1. 42వ నంబర్ కోడ్ పన్నెండుకి ముగిసే ఓణీల ఫంక్షన్ తీసుకుంటుంది, సీమంతం వదిలేస్తుంది, ఒంటిగంటకి మొదలయ్యే ఎంగేజ్‌మెంట్ తీసుకుంటుంది. జవాబు 2. హాల్ ఓనర్‌ని అడిగినా రెండే అంటాడు.

ఈ ఒక్క ఉదాహరణ చాలు, 17వ నంబర్ సొల్యూషన్ తప్పు. "ఇలాంటి కేసు అరుదు సార్" అని 17 అన్నాడు. బాబూ, గరిష్ఠం ఎంత అని అడిగినప్పుడు ప్రతి ఇన్‌పుట్‌కీ గరిష్ఠమే రావాలి. తప్పు ఉన్నది ఆ వివరణలోనే. ఒక ఫంక్షన్ ఎంతసేపు జరుగుతుందన్నది కాదు ముఖ్యం, అది ఎన్నింటికి అడ్డం పడుతుందన్నది ముఖ్యం. పొట్టి ఫంక్షన్ కూడా సరిగ్గా రెండు పెద్దవాటి మధ్యన కూర్చుంటే రెంటినీ పోగొడుతుంది. అలాగని ఎన్నింటికి అడ్డమో లెక్కపెట్టి తక్కువ అడ్డం ఉన్నదాన్ని ముందు తీసుకున్నా కుదరదు, దానికీ వ్యతిరేక ఉదాహరణ ఉంది. మీలో కొందరు ఆ దారిలో వెళ్లారు, వాళ్లూ ఇది గమనించండి.

17వ నంబర్ పద్ధతిలో ఒక మంచి గుణం మాత్రం ఉంది. అది తీసుకున్న ఒక్కో ఫంక్షన్ వల్ల అసలు జవాబులోని ఫంక్షన్లు మహా అయితే రెండే పోతాయి. మూడింటికి అడ్డం పడాలంటే మధ్యది దీనికంటే పొట్టిగా ఉండాలి, అప్పుడు ఆ మధ్యదే ముందు వరసలోకి వచ్చేది. అందుకని ఈ కోడ్ జవాబు గరిష్ఠంలో సగానికి ఎప్పుడూ తగ్గదు. ఆలోచన పూర్తిగా వృథా కాదు, కానీ అడిగింది సగం కాదు.

ఇక 42 సంగతి. ఒక పద్ధతి తప్పని తేలినంత మాత్రాన రెండోది ఒప్పు కాదు. దీన్ని విడిగా పరీక్షించాలి. చిన్న చిన్న ఇన్‌పుట్‌లు ర్యాండమ్‌గా తయారుచేసి, అన్ని సబ్‌సెట్‌లూ చూసే కోడ్‌తో పోల్చాను. పది బుకింగ్‌లకి 1024 సబ్‌సెట్‌లే కాబట్టి క్షణంలో అయిపోతుంది. 17తో తేడాలు వచ్చాయి, 42తో ఒక్కటీ రాలేదు. అయినా అది నమ్మకం పెంచేదే తప్ప రుజువు కాదు. రుజువు ఇది.

ఏదైనా ఒక గరిష్ఠ ఎంపిక తీసుకోండి. అందులో అన్నిటికంటే ముందు ముగిసే ఫంక్షన్‌ని తీసేసి, 42 కోడ్ మొదట ఎంచుకున్నదాన్ని అక్కడ పెట్టండి. మొత్తం జాబితాలో ముందు ముగిసేది ఇదే కాబట్టి తీసేసినదానికంటే ఆలస్యంగా ముగియదు. అంటే తర్వాతి ఫంక్షన్‌తో తగలదు. లెక్క తగ్గలేదు. రెండోదానికీ, మూడోదానికీ ఇలాగే మార్చుకుంటూ పోండి. చివర్లో గరిష్ఠ ఎంపికలో ఒక ఫంక్షన్ మిగిలిందనుకోండి. అది మన చివరి ఫంక్షన్ ముగిశాకే మొదలవుతుంది, అలాంటిది ఉంటే కోడ్ దాన్ని తీసుకోకుండా ఆగేదే కాదు. కాబట్టి ఏమీ మిగలదు.

కోడ్‌లో రెండు చోట్ల ఆగి చూశాను. `>=` సరిగ్గానే ఉంది, `>` పెట్టి ఉంటే పన్నెండుకి ముగిసి పన్నెండుకే మొదలయ్యేవి పోయేవి. `t = 0` కూడా సరిపోతుంది, గంటలు సున్నాకంటే తక్కువ ఉండవు. `l.sort` మాత్రం పిలిచినవాళ్ల లిస్టునే మార్చేస్తుంది. జవాబుకి ఇబ్బంది లేదు గానీ మంచి అలవాటు కాదు, `sorted` వాడాల్సింది.

నిర్ణయం: 42వ నంబర్ సొల్యూషనే కరెక్ట్. కరెక్ట్‌నెస్‌కి ఆరు, వివరణకి రెండు, కోడ్ రాసిన తీరుకి రెండు అన్న లెక్క ప్రకారం 42కి 6 + 0 + 1, మొత్తం ఏడు. 17కి 2 + 1 + 2, మొత్తం ఐదు.

42, పైన రాసిన రుజువుని చూడకుండా నీ మాటల్లో శనివారం ల్యాబ్‌లో బోర్డు మీద చెప్పు, వివరణ మార్కులు రెండూ వేస్తాను. 17, నువ్వు సార్ట్ కీ ఒక్కటి మారిస్తే చాలు, కానీ దాంతోపాటు నీ పాత పద్ధతికి నాలుగు ఫంక్షన్లు కుదిరే చోట రెండే వచ్చే ఉదాహరణ ఒకటి నువ్వే తయారుచేసి తీసుకురా. రెండూ ఉంటే మళ్లీ దిద్దుతాను.