వెయిటేజీ, సెక్షనల్ కటాఫ్: ఆదివారం ప్రాక్టీస్ షీట్

హన్మకొండ బ్యాచ్‌లో డీఎస్సీ వాళ్లూ, బ్యాంకు పరీక్షల వాళ్లూ కలిసే కూర్చుంటున్నారు కాబట్టి లెక్కలు రెండు వైపుల నుంచీ ఇస్తున్నాను. జవాబు చూడకముందు ఒకసారి మీరే చేయండి. ఈ చాప్టర్‌లో మార్కులు పోయేది ఎక్కువగా కూడికలో కాదు, వెయిటేజీని దేనికి వేయాలో తెలియక.

1. హసన్‌పర్తి లావణ్యకు టెట్‌లో 150కి 114, డీఎస్సీ రాతపరీక్షలో 80కి 58.5 వచ్చాయి. టెట్ వెయిటేజీ 20. మొత్తం ఎంత?

టెట్ మార్కులను 150 నుంచి 20కి దించాలి: 114 ÷ 150 × 20 = 15.2. దీనికి 58.5 కలిపితే 73.7.

చాలామంది 114లో 20 శాతం తీసి 22.8 అంటారు. వెయిటేజీ మొత్తమే 20 అయినప్పుడు 22.8 ఎలా వస్తుంది? ఆ అంకె కనిపించగానే పెన్ను ఆగాలి. ఇంకొందరు 58.5ను మళ్లీ 0.8తో గుణిస్తారు. పేపరే 80 మార్కులకు పెట్టారు, అంటే వెయిటేజీ అందులోనే ఉంది. రెండోసారి కోస్తే 46.8 అవుతుంది, ఉద్యోగం వచ్చే అమ్మాయిని మనమే లిస్టులోంచి తీసేసినట్టు.

2. పరకాల రమేశ్‌కు టెట్‌లో 99. డీఎస్సీలో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి అర మార్కు. లావణ్యను దాటాలంటే కనీసం ఎన్ని ప్రశ్నలు కరెక్ట్ కావాలి? నార్మలైజేషన్ లేదనుకోండి.

99 ÷ 150 × 20 = 13.2. సమానం కావాలంటే 73.7 − 13.2 = 60.5 కావాలి, దాటాలంటే 61. అంటే 122 ప్రశ్నలు. లావణ్య 117 చేసింది.

ఇక్కడ కాసేపు ఆగండి. ఇద్దరికీ టెట్‌లో 15 మార్కుల తేడా, చివరికి అది 2 మార్కులే, అంటే డీఎస్సీలో నాలుగు ప్రశ్నలు. టెట్ మళ్లీ రాయాలా వద్దా అని ప్రతివారం నన్ను అడుగుతున్నారు. టెట్‌లో 75 దగ్గర ఆగిపోయిన వాళ్లు తప్పకుండా రాయాలి. 120 దాటిన వాళ్లు ఆ నెలరోజులు డీఎస్సీ కంటెంట్‌కు పెట్టుకుంటేనే లాభమని నా అభిప్రాయం. అయినా నాలుగు ప్రశ్నలను చిన్నచూపు చూడకండి, జిల్లా మెరిట్ లిస్టులో అర మార్కుకే ర్యాంకులు మారతాయి.

3. ఐబీపీఎస్ పీవోలో మెయిన్స్‌కు 80, ఇంటర్వ్యూకు 20 వెయిటేజీ. మెయిన్స్ 225కి, ఇంటర్వ్యూ 100కి. సంధ్యకు 90, 60. కిరణ్‌కు 81, 75. ఎవరు ముందు?

సంధ్య: 90 ÷ 225 × 80 = 32; 60 ÷ 100 × 20 = 12; మొత్తం 44.
కిరణ్: 81 ÷ 225 × 80 = 28.8; 75 ÷ 100 × 20 = 15; మొత్తం 43.8.

సంధ్య 0.2 తేడాతో ముందుంది. కిరణ్ ఇంటర్వ్యూలో 76 తెచ్చుకుంటే సమానమయ్యేవాడు. ప్రిలిమ్స్ మార్కులు ఇందులో ఎక్కడా కలవవు.

4. ఒక మాదిరి ప్రిలిమ్స్: ఇంగ్లిష్ 30, మ్యాథ్స్ 35, రీజనింగ్ 35 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 మార్కు, తప్పుకు పావు మార్కు కోత. సెక్షన్ కటాఫ్‌లు వరుసగా 9.5, 8, 10. మొత్తం కటాఫ్ 48. నర్సంపేట సురేశ్ ఇంగ్లిష్‌లో 11 కరెక్ట్, 7 తప్పు. మ్యాథ్స్‌లో 15 కరెక్ట్, 4 తప్పు. రీజనింగ్‌లో 30 కరెక్ట్, 4 తప్పు. క్వాలిఫై అయ్యాడా?

ఇంగ్లిష్ 11 − 1.75 = 9.25. లెక్క ఇక్కడితోనే ముగిసింది, కాలేదు. మ్యాథ్స్ 14, రీజనింగ్ 29, మొత్తం 52.25 వచ్చి, కటాఫ్‌కు 4.25 పైన ఉన్నా లాభం లేదు. ఆ ఏడు తప్పుల్లో ఒక్కటి వదిలేసి ఉంటే 9.5తో దాటేవాడు. అందుకే మొత్తం కూడకముందే ఒక్కో సెక్షన్‌ను దాని కటాఫ్‌తో పోల్చండి. మన దగ్గర తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్‌ను చివరికి నెట్టేస్తారు, మొత్తంలో సర్దుకుంటుందని ధీమా. సెక్షనల్ కటాఫ్ ఉన్న పరీక్షలో ఏదీ సర్దుకోదు. ఎస్‌బీఐ పీవో ప్రిలిమ్స్‌లో సెక్షన్ కటాఫ్ ఉండదు, ఐబీపీఎస్‌లో ఉంటుంది. రెండిటికీ ఒకే ప్లాన్ వేసుకోకండి.

5. అదే ఇంగ్లిష్ సెక్షన్‌లో 20 ప్రశ్నలు పెడితే 9.5 దాటడానికి కనీసం ఎన్ని కరెక్ట్ కావాలి? 14 పెడితే?

కరెక్ట్ x అనుకుంటే x − (20 − x) ÷ 4 ≥ 9.5, అంటే x ≥ 11.6, కాబట్టి 12. పద్నాలుగు పెడితే x ≥ 10.4, కాబట్టి 11. ఆరు ప్రశ్నలు ఎక్కువ పెడితే అదనంగా కావాల్సింది ఒక్క కరెక్టే. ఆ ఆరూ పూర్తిగా గుడ్డిగా కాక, రెండు ఆప్షన్లు కొట్టేయగలిగినవైతే పెట్టండి.