ఆదివారం మ్యాచ్ చూడబోయే పేరెంట్స్‌కి: ఆఫ్‌సైడ్ గురించి

పేరెంట్స్ అందరికీ నమస్కారం.

ఆదివారం పొద్దున మన అండర్-13 పిల్లలు మొట్టమొదటిసారి పెద్ద గ్రౌండులో, జట్టుకు పదకొండు మందితో మ్యాచ్ ఆడబోతున్నారు. ఇన్నాళ్లూ టర్ఫ్ మీద ఏడుగురేసి ఆడారు కాబట్టి ఆఫ్‌సైడ్ గొడవ లేదు. ఈసారి ఉంది. అంటే మీరంతా లేచి గంతులేసి, పక్కవాళ్లని కౌగిలించుకున్నాక, ఓ మూల జెండా లేచి ఉందనీ గోల్ చెల్లదనీ తెలిసే అవకాశం ఉందన్నమాట. మొన్న గేటు దగ్గర నలుగురైదుగురు "కోచ్ గారూ, అసలా ఆఫ్‌సైడ్ ఏంటో కాస్త చెప్పండి" అని అడిగారు. నిలబడి చెప్పబోతే గాల్లో చేతులూపడమే అయింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. పిల్లల పేర్లు రాయను, జెర్సీ నంబర్లతో చెప్తాను.

ముందు, ఈ రూల్ ఎందుకుందో చూద్దాం. అది లేకపోతే ఏ జట్టయినా చేసే పని ఒకటే. బాగా ఎత్తుగా ఉన్న కుర్రాణ్ణి తీసుకెళ్లి ఎదుటి కీపర్ పక్కన నిలబెట్టేస్తుంది. మిగతావాళ్లు దూరం నుంచి బంతిని గాల్లోకి తన్నుతుంటారు. ముహూర్తానికి మొహం చూపించకుండా నేరుగా భోజనాల దగ్గర ముందు వరసలో కూర్చునే చుట్టంలాగా, ఆ కుర్రాడు ఆటలో ఏమీ చెయ్యకుండా గోల్ మాత్రం కొట్టుకుపోతాడు. పాసులుండవు, మధ్యలో ఆటే ఉండదు. ఇలా జరక్కుండా ఆపడానికే ఆఫ్‌సైడ్.

ఇప్పుడు రూల్. మనవాడు బంతిని పాస్ చేసే క్షణంలో, దాన్ని అందుకోబోయే మన ఆటగాడికీ ఎదుటి గోల్ లైనుకీ మధ్య ఎదుటి జట్టువాళ్లు కనీసం ఇద్దరుండాలి. ఆ ఇద్దరిలో ఒకరు మామూలుగా కీపరే. కాబట్టి మీరు చూడాల్సింది ఆ రెండో మనిషిని, అంటే అందరికంటే వెనక ఉన్న డిఫెండర్‌ని. మనవాడు ఆ డిఫెండర్‌ని దాటి ముందుకెళ్లి ఉంటే ఆఫ్‌సైడ్ పొజిషన్‌లో ఉన్నట్టు. డిఫెండర్‌తో సరిసమానంగా ఉంటే ఇబ్బంది లేదు. చేతులు లెక్కలోకి రావు. తల, ఒళ్లు, కాళ్లు మాత్రమే చూస్తారు.

ఒకప్పుడు ఇద్దరు కాదు, ముగ్గురుండాలనేవారు. 1925లో ఇద్దరికి తగ్గించారు. సమానంగా ఉంటే తప్పు కాదన్నది 1990లో వచ్చింది. అంటే మనలో కొందరు స్కూల్లో ఆడిన రోజుల్లో రూల్ వేరు. మీవాడితో వాదించేటప్పుడు కాస్త చూసుకోండి.

ఇందాకటి వాక్యంలో "పాస్ చేసే క్షణంలో" అన్నాను చూశారా, అసలు కిటుకంతా అక్కడే ఉంది. గ్రౌండు పక్కన అరిచేవాళ్లలో ఎక్కువమంది బంతి అందుకున్న క్షణం చూసి అరుస్తారు. లెక్కలోకి వచ్చేది బంతి తన్నిన క్షణం.

ఆదివారం కచ్చితంగా కనబడే ఒక సీన్ చెప్తాను. మన 10వ నంబరు మధ్య గీత దాటి బంతితో వస్తున్నాడు. ముందు మన 9వ నంబరు, ఎదుటి జట్టు ఆఖరి డిఫెండర్ పక్కపక్కనే ఉన్నారు. డిఫెండర్ చూపు బంతి మీద ఉంది. మనవాడు ఒంటికాలి మీద బరువు పెట్టి పరిగెత్తడానికి సిద్ధంగా ఉన్నాడు. 10వ నంబరు కాలు బంతిని తాకింది. అప్పటికి ఇద్దరూ ఇంకా సమానంగానే ఉన్నారు. ఆ మరుక్షణం 9 దూసుకుపోయాడు. బంతి కాళ్ల దగ్గరికి వచ్చేసరికి డిఫెండర్ నాలుగైదు అడుగులు వెనకబడ్డాడు, ముందు కీపర్ ఒక్కడే ఉన్నాడు. అవతలి పేరెంట్స్ "ఆఫ్‌సైడ్! ఆఫ్‌సైడ్!" అంటారు. కాదు. ఆట సాగుతుంది. ఇలాంటి పరుగు కోసమే మేం మూడు నెలలుగా సాధన చేయిస్తున్నాం.

దీన్నే తిరగేయండి. తన్నేటప్పుడు 9 డిఫెండర్‌ని దాటి రెండడుగులు ముందున్నాడు. పాస్ కాస్త తక్కువ పడితే వెనక్కి పరిగెత్తుకొచ్చి, డిఫెండర్‌కి ఇవతల బంతి అందుకున్నాడు. మన కళ్లకి అంతా సవ్యంగానే ఉంటుంది. అయినా ఆఫ్‌సైడే. వెనక్కి వచ్చి అందుకున్నంత మాత్రాన ముందున్న తప్పు పోదు. మనవాళ్లందరూ తెల్లమొహం వేసేది ఇక్కడే.

ఇంకో సంగతి. ఆఫ్‌సైడ్ పొజిషన్‌లో నిలబడటం దానంతటదే తప్పు కాదు. కుడివైపు పాస్ వెళ్తుంటే, ఎడమవైపు మన 11వ నంబరు డిఫెండర్ల వెనకాల ఊరికే నిలబడి ఉన్నాడనుకోండి. వాడు ఆటలో కలగజేసుకోనంతవరకు జెండా లేవదు. బంతి తాకినా, తాకకపోయినా కీపర్ కళ్లకి అడ్డంగా నిలబడినా, డిఫెండర్‌తో బంతి కోసం పోటీ పడినా, అప్పుడు లేస్తుంది. అందుకే లైన్స్‌మన్ కాసేపు ఆగి, బంతి ఎవరి దగ్గరికి పోతుందో చూసి జెండా ఎత్తుతాడు. "ఇప్పుడా ఎత్తేది, నిద్రపోతున్నావా!" అనకండి. ఆగడమే వాడి పని.

పిల్లలు ఎక్కువగా కళ్లనీళ్లు పెట్టుకునేది మరోచోట. మనవాడు గట్టిగా కొట్టాడు, కీపర్ చేతులకి తగిలి బంతి ఇవతలికి పడింది, అక్కడే ఉన్న మన 9 తోసేశాడు. గోలే అనుకుంటాం. కానీ మొదటి షాట్ కొట్టిన క్షణంలో 9 డిఫెండర్‌ని దాటి ఉంటే అది చెల్లదు. కీపర్‌కి తగిలి వచ్చినా, గోల్ పోస్టుకి తగిలి వచ్చినా అంతే. అదే ఎదుటి డిఫెండర్ తీరిగ్గా తన ఇష్టంతో ఆడబోయి, బంతిని తప్పుగా మనవాడికే అందిస్తే ఆఫ్‌సైడ్ లేదు. షాట్ ఆపబోతే తగిలి పడటం వేరు, తనంతట తాను బంతిని ఆడటం వేరు. ఈ తేడా దగ్గర టీవీలో పెద్ద పెద్ద రిఫరీలే తలలు పట్టుకుంటారు, కాబట్టి మన వయసు పిల్లల మ్యాచ్‌లో దీని మీద వాదన వద్దు.

ఆఫ్‌సైడ్ అసలే వర్తించని చోట్లున్నాయి. మనవాడు మన సగంలో ఉండగా వాడికి పాస్ కొడితే ఎంతమందిని దాటి ఉన్నా ఫరవాలేదు. బంతి కన్నా వెనక ఉన్నవాడికి ఆఫ్‌సైడ్ రాదు. ఇద్దరూ కీపర్ మీదికి వెళ్తూ మన 7వ నంబరు అమ్మాయి వెనక్కి పాస్ ఇచ్చి 9 గోల్ కొడితే చక్కగా చెల్లుతుంది. త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ కిక్ నుంచి నేరుగా అందుకున్నా ఆఫ్‌సైడ్ లేదు. నేరుగా అన్నమాట గుర్తుంచుకోండి. కార్నర్ కొట్టిన పిల్ల పక్కవాడికి చిన్న పాస్ ఇచ్చి, జెండా దగ్గరే గోల్ లైను మీద నిలబడి ఉంటే, వాడు మళ్లీ ఆమెకే బంతిని ముందుకి ఇచ్చేసరికి చాలాసార్లు ఆమె ఆఫ్‌సైడ్‌లో ఉంటుంది. మన జట్టులో దీన్ని కనీసం ఒక్కసారైనా చూస్తారని నా అనుమానం.

లైన్స్‌మన్‌లు ఇద్దరు. ఒక్కొక్కరు ఒక్కో వైపు గీత మీద, తనకిచ్చిన సగంలో, ఆ రెండో డిఫెండర్‌తో సమానంగా అటూ ఇటూ నడుస్తుంటారు. ఆ వరసలో నిలబడితేనే సమానమా, ముందా అన్నది తెలుస్తుంది. మధ్య గీత దగ్గర కుర్చీ వేసుకుని ఏటవాలుగా చూస్తే ఉన్నది లేనట్టూ, లేనిది ఉన్నట్టూ కనబడుతుంది. మీకు నిజంగా తేల్చుకోవాలనుంటే లైన్స్‌మన్ వరసకి వచ్చి, వాడికి అడ్డం రాకుండా రెండడుగులు వెనక నిలబడి చూడండి. పదినిమిషాల్లో ఆ పని ఎంత కష్టమో తెలిసొస్తుంది. తన్నేవాడు ఒకచోట, పరిగెత్తేవాడు ఇంకోచోట, రెంటినీ ఒకే క్షణంలో చూడాలి. ఆదివారం జెండాలు పట్టుకునేది ఇంటర్ చదువుతున్న పిల్లలు. మన అకాడమీ నుంచి ఒకరు, వాళ్ల నుంచి ఒకరు. కెమెరాలే ఆఫ్‌సైడ్‌ని పట్టేసే టెక్నాలజీ 2022 వరల్డ్ కప్‌లో ఖతర్‌కి వచ్చింది, మన ఉప్పల్ స్కూలు గ్రౌండుకి ఇంకా రాలేదు. పొరపాట్లు జరుగుతాయి. జరిగినా ఆ పిల్లల్ని ఒక్క మాట అనొద్దు.

విజిల్ పడ్డాక జెండా ఏటవాలుగా పైకి ఉంటే తప్పు అవతలి వైపు జరిగినట్టు, అడ్డంగా ఉంటే మధ్యలో, కిందికి వాలితే ఇటువైపు. రిఫరీ ఒక చెయ్యి పైకెత్తి ఉంచుతాడు. అంటే ఎదుటి జట్టుకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ అన్నమాట. దాన్ని నేరుగా గోల్‌లోకి కొట్టినా లెక్కకి రాదు, మధ్యలో ఇంకెవరికైనా తగలాలి. ఆఫ్‌సైడ్‌కి కార్డుండదు, తిట్లుండవు. "ఎందుకెళ్లావురా ముందుకి" అని హాఫ్ టైంలో నిలదీయాల్సినంత తప్పు కాదది. ముందుకి పరిగెత్తే పిల్లలకే ఆఫ్‌సైడ్ వస్తుంది. భయపెడితే పరుగే మానేస్తారు.

ఒక్క విషయంలో మాత్రం మీ సాయం కావాలి. మన డిఫెండర్లు నలుగురూ ఒకే వరసలో ఒకేసారి ముందుకి జరగడం నేర్చుకుంటున్నారు. అలా జరిగితే ఎదుటి ఫార్వర్డ్‌లు వెనక మిగిలిపోయి ఆఫ్‌సైడ్‌లో పడతారు. చూసేవాళ్లకి మాత్రం గుండె జారుతుంది, వెనకంతా ఖాళీగా కనబడుతుంది కదా. సరిగ్గా అప్పుడే గీత అవతల నుంచి "ఒరేయ్, వెనక్కి రా, వెనక్కి!" అని ఒక నాన్న గొంతు వినిపిస్తుంది. ప్రాక్టీస్ మ్యాచ్‌లో అదే జరిగింది. నలుగురిలో ఒక్కడు నాన్న మాట విని వెనక్కెళ్లాడు. వాడొక్కడు వెనక ఉన్నందుకు ఎదుటివాళ్లందరూ రూలు ప్రకారం సరైన చోటే ఉన్నట్టయింది, గోల్ పడింది. వాడి తప్పేం లేదు, ఇంట్లో పెద్దవాళ్ల మాట వినమనే కదా చెప్తాం. కాబట్టి ఆదివారం చప్పట్లు కొట్టండి, ఈలలు మాత్రం వద్దు, రిఫరీ విజిల్ అనుకుని పిల్లలు ఆగిపోతారు. "వెనక్కి రా", "ముందుకి పో" అనే పని మాకొదిలేయండి. జెండా లేచినా విజిల్ పడేదాకా ఆట ఆపొద్దని వాళ్లకి చెప్పాం, కాబట్టి మీరు "ఆఫ్‌సైడ్" అని అరిచినా ఆపరు.

పిల్లలు ఏడుంపావుకల్లా గ్రౌండులో ఉండాలి, కిక్ ఆఫ్ ఎనిమిదింటికి. సగానికి ఇరవైఐదు నిమిషాలు. షిన్ గార్డులు లేనివాళ్లని రిఫరీ ఆడనివ్వడు, సంచిలో పెట్టారో లేదో శనివారం రాత్రే చూసుకోండి. నీళ్ల సీసా మీద పేరు రాసి పంపండి. గ్రౌండులో నీడ తక్కువ, మీకు టోపీ కావాలి. ఇంకా సందేహాలుంటే వార్మప్ అయ్యేదాకా అడగండి, మ్యాచ్ మొదలయ్యాక నన్ను కదిలించకండి.

మీ కోచ్