దిశ మారని సదిశ

వేదికపైనున్న గణిత శాఖ ఆచార్యులకు నమస్కారం. విశాఖపట్నానికి కొత్తగా వచ్చినవారికీ, ఇక్కడే పుట్టిపెరిగినవారికీ, మొదటి సంవత్సరంలో చేరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ అందరికీ గణిత సంఘం తరఫున స్వాగతం.

వచ్చే సోమవారం మీ తరగతిలో ఐగెన్ విలువల అధ్యాయం మొదలవుతుంది. ఈపాటికే హాస్టల్‌లో మీ సీనియర్లు దాని గుట్టు చెప్పేసి ఉంటారు: det(A − λI) = 0 అని రాయాలి, సమీకరణాన్ని సాధించాలి, మార్కులు వేయించుకోవాలి. వాళ్లు చెప్పింది అబద్ధమేమీ కాదు. నేనూ ఆ దారినే వెళ్లి మంచి మార్కులే తెచ్చుకున్నాను. అయితే రెండో సంవత్సరం మౌఖిక పరీక్షలో మేడమ్ ఒకరు, తలాన్ని 90 డిగ్రీలు తిప్పే మాత్రికకు వాస్తవ ఐగెన్ విలువలు ఎందుకు లేవని అడిగారు. నేను వెంటనే λ² + 1 = 0 అని రాసి, మూలాలు ±i అని చూపించాను. "లెక్క సరిగ్గానే ఉందయ్యా, నేనడిగింది ఎందుకని" అన్నారావిడ. నాకు నోరు పెగల్లేదు. ఏడాదిపాటు చేసిన లెక్కలు దేని గురించో నాకు తెలియదని ఆ రోజే తెలిసింది.

మాత్రిక అంటే పెట్టెలో పేర్చిన అంకెలు మాత్రమే కాదు. అది ఒక సదిశను తీసుకుని మరో సదిశను ఇచ్చే పని. ఆ పనిలో చాలా సదిశలు తమ దిశను కోల్పోతాయి. కొన్ని మాత్రం తామున్న గీతను వదలకుండా, సాగడమో కుదించుకుపోవడమో, ఒక్కోసారి వెనక్కి తిరగడమో చేస్తాయి. అవి ఐగెన్ సదిశలు. ఎన్ని రెట్లు సాగాయో చెప్పే సంఖ్య ఐగెన్ విలువ. జర్మన్‌లో 'ఐగెన్' అంటే 'సొంత' అని అర్థం. మన తెలుగు పుస్తకాల్లోని 'లాక్షణిక విలువ' కూడా చక్కని మాటే గానీ, ఆ 'సొంత' అనడంలోని చనువు దానికి లేదని నాకనిపిస్తుంది.

బోర్డు మీద రాసిన మాత్రికను చూడండి: మొదటి వరుస 2, 1, రెండో వరుస 1, 2. (1, 1)ను దీనికి ఇస్తే (3, 3) వస్తుంది, (1, −1)ను ఇస్తే అదే తిరిగి వస్తుంది. కాబట్టి ఐగెన్ విలువలు 3, 1. ఇప్పుడు (1, 0)ను ఇచ్చి, వచ్చిన జవాబును మళ్లీ మళ్లీ అదే మాత్రికకు ఇస్తూ పోదాం: (2, 1), (5, 4), (14, 13), (41, 40). పదోసారికి (29525, 29524). మనం ఎక్కడో అడ్డంగా మొదలుపెట్టిన సదిశ, ఎవరూ చెప్పకుండానే (1, 1) దిశకు ఎలా ఒదిగిపోతోందో చూశారా? (1, 0) అనేది (1, 1)లో సగం, (1, −1)లో సగం కలిస్తే వచ్చింది. ప్రతిసారీ మొదటి భాగం మూడు రెట్లవుతుంది, రెండోది ఉన్నచోటే ఉంటుంది. మాత్రికను వందసార్లు గుణించమన్నా ఇక గుణించక్కర్లేదు, 3ను వందో ఘాతానికి ఎక్కిస్తే చాలు.

ఇప్పుడు మేడమ్ ప్రశ్నకు జవాబు మీరే చెప్పగలరు. 90 డిగ్రీలు తిప్పితే తలంలో ప్రతి బాణమూ తిరుగుతుంది; తన గీత మీద నిలిచేది ఒక్కటీ లేనప్పుడు వాస్తవ ఐగెన్ విలువ ఎక్కడి నుంచి వస్తుంది? అదే త్రిమితీయ అంతరాళంలో తిప్పితే, అక్షం మీది సదిశ కదలదు, దాని విలువ 1.

దీని ఉపయోగాలను ఏకరువు పెట్టను, ఒకటి రెండు చెబుతాను. మన ఓడరేవుకు వచ్చే ఓడల్లో ఇంజిన్ నుంచి ప్రొపెల్లర్ దాకా ఉండే పొడవైన షాఫ్ట్ మెలిపడుతూ కంపిస్తుంది. ఏ వేగాల వద్ద ఆ కంపనం ప్రమాదకరంగా పెరుగుతుందో ముందే కనుక్కోవడం ఐగెన్ విలువల లెక్కే. ఇక ఈ ఊళ్లోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1964లో ప్రధాన అంశాల విశ్లేషణ మీద పేరుపొందిన వ్యాసం రాశారు. కుప్పలు తెప్పలుగా ఉన్న కొలతల్లో అసలు తేడాలు ఏ దిశలో ఉన్నాయో పట్టుకునే ఆ పద్ధతికి పునాది, సహవిస్తృతి మాత్రిక తాలూకు ఐగెన్ సదిశలే.

పరీక్ష గురించి మీకున్న బెంగ నాకు తెలుసు. అర్థం చేసుకుని చదివితే అక్కడా లాభమే: ఐగెన్ విలువల మొత్తం వికర్ణ మూలకాల మొత్తానికి, వాటి లబ్ధం నిర్ధారకానికి సమానం కావాలి. పైన 3 + 1 = 2 + 2, 3 × 1 = 4 − 1. చేసిన తప్పు అర నిమిషంలో దొరికిపోతుంది.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు రెండో అంతస్తులోని గణిత ప్రయోగశాలకు గ్రాఫ్ కాగితం, స్కేలు తీసుకుని రండి. ఆ రోజు తీసుకోబోయే మాత్రిక మొదటి వరుస 1, 1. రెండో వరుస 0, 1. దీనికి ఐగెన్ విలువ 1 రెండుసార్లు వస్తుంది, దిశ మాత్రం ఒక్కటే దొరుకుతుంది. రెండోది ఎటు పోయిందో బాణాలు గీసి వెతుకుదాం.