భివండి నుంచి కొత్తవాడకు: బతుకమ్మ, దసరా శుభాకాంక్షలు

భివండి,
27 సెప్టెంబర్ 2025

అమ్మకు, బాపుకు, అన్నకు, వదినకు, పక్కింట్లో ఉన్న చిన్నబాపుకు, చిన్నమ్మకు దండాలు. బుజ్జికి, చిన్నోడికి ముద్దులు.

బుజ్జీ, దీన్ని నువ్వొక్కదానివే ఫోన్‌లో చదువుకొని వదిలేయకు. రాత్రి అందరి అన్నాలు అయినాక గట్టిగా చదివి వినిపించు. నానమ్మకు ఎడమ పక్కన కూర్చో, కుడి చెవి సరిగ్గా వినపడదు కదా. ఎవరి గురించి రాసింది వాళ్లవైపు చూసి చదువు.

సద్దుల బతుకమ్మకు నేను రాలేకపోతున్నాను. మా అత్తమ్మకు తుంటి ఆపరేషన్ అయిందని మీకు తెలుసు. వాకర్ పట్టుకొని బాత్రూం దాకా నడుస్తున్నది కానీ, రాత్రి లేవాలంటే పక్కన మనిషి ఉండాల్సిందే. ఆయనకేమో సాంచాల మీద రాత్రి పాళి. "నువ్వు పోయిరా బిడ్డా, పండుగ మళ్లా ఏడాదికి గానీ రాదు" అని అత్తమ్మే నాలుగుసార్లు అన్నది. అంత మంచిగా అన్న మనిషిని వదిలి రావడానికి నా మనసు ఒప్పలేదు.

అమ్మా, నువ్వు టెన్షన్ పడకు. బిడ్డ రాలేదేమని వాడలో నలుగురూ అడుగుతారు. అల్లుడు పంపలేదనుకుంటారేమో అని నీకు రంది. "మా బిడ్డ అత్తను చూసుకుంటున్నది, నేనే అక్కడ ఉండమన్నా" అని ధైర్యంగా చెప్పు. పెద్దవాళ్లను ఎట్లా చూసుకోవాలో నిన్ను చూసే నేర్చుకున్నాను. మంచాన పడ్డ మా నానమ్మకు నువ్వు ఎన్ని ఏండ్లు చేశావో నా కళ్లారా చూసిన. సద్దుల నాడు గౌరమ్మ పసుపు కొంచెం కాగితంలో పొట్లం కట్టి నా కోసం దేవుని గూట్లో పెట్టు. వచ్చినప్పుడు నీ చేతితోనే నా పుస్తెలకు పెడుదువు.

బాపూ, నువ్వు నేసిచ్చిన జంపఖానా ఇప్పుడు అత్తమ్మ మంచం మీద ఉంది. ఎన్నిసార్లు ఉతికినా రంగు పోలేదు. ఆమెను చూడడానికి వచ్చిన వాళ్లంతా ఎక్కడ కొన్నారని అడుగుతారు. వరంగల్ కొత్తవాడది, మా బాపు మగ్గం మీద నేసింది అని చెప్తుంటే నాకు కడుపు నిండినట్టు అవుతుంది. ఇక్కడ పగలూ రాత్రీ సాంచాల చప్పుడే. కానీ పండుగ దగ్గర పడితే నాకు నీ మగ్గం చప్పుడే యాదికొస్తుంది. బతుకమ్మ రోజుల్లో పని తొందరగా ఆపి, మేము పూలు పేరుస్తుంటే గునుగు కొసలు కత్తిరించి ఇచ్చేవాడివి. ఒక్క కట్ట కూడా ఎక్కువ తక్కువ కాకుండా సమానంగా కోసేవాడివి.

దసరా నాడు నీ చేతిలో బంగారం పెట్టి కాళ్లు మొక్కేది నేను. ఈసారి ఆ పని బుజ్జికి అప్పగిస్తున్నా. బుజ్జీ, తాతకు రెండుసార్లు జమ్మి ఆకు పెట్టాలి, రెండుసార్లు మొక్కాలి. మొదటిది నీది, రెండోది నాది. రెండోసారి మొక్కినప్పుడు నాకు ఇచ్చే దీవెన పైకి అనాలి బాపూ, మనసులో అనుకుంటే నాకు వినపడదు. పాలపిట్టను చూడడానికి చిన్నోడిని తోలుకొని పో. రంగలీల మైదానానికి మాత్రం వద్దు, ఆ జనంలో అంతసేపు నీ మోకాళ్లు నిలబడనీయవు. రావణుణ్ణి టీవీలో చూడు.

వదినా, నీకు ఫోన్‌లో చెప్పలేకపోయిన మాట ఒకటి ఉంది, అందుకే రాస్తున్నా.

మీ నాన్న పోయిన తర్వాత నీకిది మొదటి బతుకమ్మ. మొన్న పెత్రమాసకు మీ అన్న ఆయన పేరు మీద బియ్యం ఇచ్చిండని చెప్తుంటే నీ గొంతు మధ్యలోనే ఆగిపోయింది. నాకు ఏమనాలో తోచక మాట మార్చి పిల్లల చదువు అడిగాను. ఆయన ప్రతి ఏడు సద్దుల నాడు పొద్దున్నే పర్వతగిరి నుంచి బస్సులో తంగేడు, గునుగు తెచ్చేవాడు. వాడిపోకుండా తడిబట్ట చుట్టి తెచ్చేవాడు. అందులో ఒక కట్ట వేరేగా తీసి, "ఇది మా బిడ్డ ఆడబిడ్డకు" అని నా చేతికి ఇచ్చేవాడు. ఆ కట్ట నేనెన్నడూ మరిచిపోను.

ఈసారి ఆ సంచి రాదు. నీకు దుఃఖం వస్తే ఏడువు వదినా. పండుగ పూట కన్నీళ్లు పెట్టొద్దని ఎవరైనా అంటే నా పేరు చెప్పు, నేను మాట్లాడుతా. ఏడ్చినాక మొఖం కడుక్కొని, నేను పంపిన చీర కట్టుకొని వాకిట్లోకి రా. సోమవారానికి కొరియర్ అందుతుంది. బతుకమ్మలో మొదటి వరుస తంగేడు మీ నాన్న పేరు మీద పేర్చు. ఆ తర్వాత వరుస నాది.

ఇంకొకటి. అమ్మకు వయసు అయిపోయింది. ఇన్నేండ్లుగా నేను బ్యాగుతో వచ్చి గడప ముందు నిలబడితే చెంబుతో నీళ్లిచ్చి లోపలికి పిలిచేది నువ్వే. నేను తిరిగి పోయేటప్పుడు అడగకుండానే పచ్చడి సీసా సర్దేది నువ్వే. నాకు తల్లిగారిల్లు ఉందంటే అది నీ వల్ల కూడా. ఈ మాట నీకు ఎన్నడో చెప్పాల్సింది.

అన్నా, రాకపోతే మాట్లాడను అన్నావు. అలిగిన బతుకమ్మకు కూడా అలక ఒక్కరోజే, ఇక ఫోన్ ఎత్తు. దసరా ఈసారి గాంధీ జయంతి నాడే పడింది, మటన్ దుకాణాలు బంద్ ఉంటాయి. బాపు కోసం ముందు రోజే తెచ్చి పెట్టు. వదిన పక్కన కాసేపు కూర్చో.

చిన్నమ్మా, నీ మలీద ముద్దలు ఈసారి ఇక్కడ నేనే చేస్తున్నా. జొన్నరొట్టె వేడి మీదనే నలిపి బెల్లం కలపమన్నావు కదా, అట్లనే చేస్తా. నువ్వుల సద్ది, పెసర సద్ది కూడా. చిన్నబాపుకు షుగర్ ఉంది, మలీద గిన్నె ఆయనకు అందనీయకు.

ఇక్కడ పద్మనగర్‌లో అంతా మన వరంగల్, కరీంనగర్ వాళ్లే, నేను ఒంటరిగా ఉన్నానని అనుకోకండి. తంగేడు నాకు దొరకలేదు. బంతి, చామంతితోనే చిన్న బతుకమ్మ పేరుస్తా. అత్తమ్మను గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, ఆమెకు కనపడేటట్టు వాకిట్లోనే ఆడుతా.

బుజ్జీ, వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల నాటి నీ వీడియో చూశాను. చప్పట్లు మంచిగా కొడుతున్నావు, అడుగు మాత్రం మీ అమ్మను చూసి వెయ్యి. సద్దుల నాడు పద్మాక్షి గుట్టకు పోతే అమ్మ చెయ్యి వదలకు, నీళ్ల దగ్గర మెట్లు జారుతాయి.

అత్తమ్మ నడక కుదిరితే సంక్రాంతికి కాజీపేటలో దిగుతా. సకినాలు నేనొచ్చినాకనే చుట్టాలి. దసరా సాయంత్రం 7 గంటలకు వీడియో కాల్ చేస్తా, జమ్మికి పోయివచ్చి అందరూ ముందర అర్రలో కూర్చోండి.

చల్లగా ఉండండి. మీ అందరికీ సద్దుల బతుకమ్మ, దసరా శుభాకాంక్షలు.

మీ బిడ్డ