ఏప్రిల్ 4 సాయంత్రం హాసిని గురించి ఒక మాట

మాధవీ,

ఫోన్ చేసి అడగొచ్చు గానీ కావాలనే రాస్తున్నాను. ఫోన్‌లో అడిగితే నువ్వు "అయ్యో, దానిదేముందే" అనేస్తావు. ఫోన్ పెట్టేశాక అప్పుడు క్యాలెండర్ చూసుకుంటావు. పదకొండేళ్లుగా చూస్తున్నాను కదా నిన్ను. అందుకే తీరిగ్గా చదువు, వెంటనే జవాబివ్వకు.

ఏప్రిల్ 4, శనివారం. సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా మా ఇంట్లో ఉండి హాసినిని చూసుకోగలవా? "ఒక్క సాయంత్రం" అంటే చిన్నగా వినిపిస్తుంది, లెక్కేస్తే ఆరు గంటలు. కొంచెం ఆలస్యమైతే పదకొండు కూడా కావచ్చు.

సంగతేంటంటే, చామరాజపేటలో ఫోర్ట్ హైస్కూల్ గ్రౌండ్స్‌లో రామనవమి కచేరీలు జరుగుతాయి కదా, ఆ రోజుకి కిరణ్ రెండు టికెట్లు తీసుకున్నాడు. పెళ్లయ్యే దాకా పన్నెండేళ్లు పాట నేర్చుకున్నదాన్ని, హాసిని పుట్టాక ఒక్క కచేరీ కూడా పూర్తిగా వినలేదు. పోయినేడు దాన్ని తీసుకునే వెళ్లాం. వర్ణం అయ్యేలోపే "ఇంటికెళ్దాం" మొదలెట్టింది. దాని తప్పేం లేదు, మూడేళ్ల పిల్లని మూడు గంటలు కుర్చీలో కూర్చోమనడమే అన్యాయం. పందిరి బయట మొక్కజొన్న కంకి కొనిచ్చి, లోపలి నుంచి లీలగా వినిపిస్తున్న ఆలాపన రాగమేమిటో పోల్చుకుంటూ నిలబడ్డాను. ఈసారి రాగం, తానం, పల్లవి, తని ఆవర్తనం అన్నీ కూర్చుని వినాలని ఉంది. కుందలహళ్లిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, కె.ఆర్. మార్కెట్‌లో దిగి వెళ్లేసరికి గంటన్నర తేలిగ్గా పడుతుంది. అందుకే నాలుగున్నరకే బయల్దేరడం. తని అవగానే లేచి వచ్చేస్తాం, తుక్కడాల దాకా ఆగం.

ఇప్పుడు అసలు మాట. నువ్వు కుదరదంటే నా కచేరీ ఆగదు. కిరణ్ ఇంట్లో ఉంటాడు, నేను మా కింది ఫ్లాట్ కన్నడ ఆంటీతో వెళ్తాను. ఆవిడ ఆ కచేరీలకి పెళ్లి కాకముందు నుంచీ వెళ్తున్నారట. టికెట్ ఉంటుందేమోనని ఇప్పటికే అడిగారు కూడా. కిరణ్‌కీ ఇది చెప్పాను, వాడు సరేనన్నాడు. నిన్ను ఊరడించడానికి అల్లిన మాట కాదిది. నీ మీద ఆధారపడి ఉన్నది మేమిద్దరం పక్కపక్కన కూర్చుని వింటామా లేదా అన్నదొక్కటే.

నీకు మార్చి 31 క్లోజింగ్ అయి అప్పటికి నాలుగు రోజులే అవుతుంది. పోయినేడు ఆ వారం నీ గొంతు ఎలా ఉందో నాకు గుర్తుంది. ఆ శనివారం నువ్వు పొద్దెక్కేదాకా పడుకుని, సాయంత్రం కూడా ఏమీ చెయ్యకుండా ఉండాలనుకుంటే అదే కారణం చాలు. అసలు కారణం లేకపోయినా పర్లేదు. "ఈసారి కుదరదే" అని పంపు, ఎందుకని అడగను.

ఇంకోటి. నీ ఆపరేషన్ అప్పుడు నేను రెండు వారాలు క్యారియర్ పంపాను కదా, అది దీనికి ముడిపెట్టకు. అది అప్పు కాదు, తీర్చాల్సిందేమీ లేదు. అడగాలనుకున్నప్పుడు నీకు మొదట అదే గుర్తొస్తుందేమోనని భయం వేసింది, అందుకే రాస్తున్నాను.

నేనెందుకింత పట్టుబడుతున్నానో నీకు చెప్పలేదు. పాత అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు, పక్క ఫ్లాట్ ఆవిడ ఒకరోజు పట్టుచీర కట్టుకుని, పిల్లాడి చెయ్యి పట్టుకుని, వాడి బ్యాగు భుజాన వేసుకుని వచ్చి తలుపు కొట్టింది. "ఒక్క రెండు గంటలు, ఏమీ అనుకోకండి" అంది. నాకు ఒళ్లు కాలిపోతోంది. ముస్తాబై గుమ్మంలో నిలబడ్డ మనిషితో కుదరదని ఎలా అంటాం? "పర్లేదండీ" అన్నాను. రెండు గంటలు ఐదయ్యాయి. పిల్లాడు మంచివాడే, పాపం. కానీ ఆ తర్వాత నెలల తరబడి ఆవిడ లిఫ్ట్ దగ్గర కనబడితే మెట్ల వైపు వెళ్లిపోయేదాన్ని. ఆవిడకి ఎందుకో ఎప్పటికీ తెలియదు. "మొహమాటపడకండి" అనడం తేలికే, కానీ మొహమాటపడక తప్పని చోట నిలబెట్టి అంటే ఏం లాభం? నువ్వు నన్ను చూసి మెట్లెక్కే రోజు రాకూడదు.

ఒప్పుకుంటే ఏం చేయాల్సి ఉంటుందో కూడా ముందే చెప్తాను, తెలిసి నిర్ణయించుకుంటావని. పగలు ఒక కునుకు తీస్తుంది కాబట్టి సాయంత్రం హుషారుగానే ఉంటుంది. ఆరున్నర దాకా కింద పార్కులో ఉయ్యాల. ఏడున్నరకి పప్పన్నం. నెయ్యి కలిపేశాక "నెయ్యేది?" అని ఏడుస్తుంది, అందుకని చివర్లో ముద్ద పైన ఒక చుక్క వేస్తే సరి, తినేస్తుంది. తొమ్మిదికి నా పాత నూలు చీర కొంగు చేతికి చుట్టుకుని పడుకుంటుంది. నిద్రపోయే ముందు ఓ పావుగంట అమ్మ ఏదని అడుగుతుంది, ఏడవచ్చు కూడా. ఎక్కువసేపు ఆపకపోతే ఫోన్ చెయ్యి, కచేరీ మధ్యలోనైనా లేచి వస్తాను.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. దానికి పల్లీలు పడవు. రెండేళ్లప్పుడు పల్లీ చట్నీ నాకి పెదవులు వాచి ఒళ్లంతా దద్దుర్లొచ్చాయి. అప్పటి నుంచి ఇంట్లో పల్లీ అన్నది లేదు, కాబట్టి మా వంటింట్లో ఏది పెట్టినా భయం లేదు. బయటి నుంచి చిక్కీ, మిక్చర్, చట్నీ ఏవీ తేకు. పొరపాటున పెదవి వాచినా, ఊపిరి ఆడనట్టు అనిపించినా నాకంటే ముందు 108కి చెయ్యాలి. ఇది వినగానే టెన్షన్ అనిపిస్తే వద్దనెయ్, నేను అర్థం చేసుకుంటాను. ఇంకొకరి పిల్ల విషయంలో ఆ బరువు అందరూ మోయలేరు, మోయాలని కూడా లేదు.

బుధవారం రాత్రి లోపు చెప్పు. ఏమీ చెప్పకపోతే కుదరలేదనే అనుకుంటాను, మళ్లీ గుర్తు చెయ్యను. గురువారం పొద్దున ఆంటీకి టికెట్ ఇచ్చేస్తాను, ఆవిడ సంతోషిస్తారు. సరేనన్నాక మనసు మారినా, ఒంట్లో బాగోకపోయినా శనివారం మధ్యాహ్నం మూడింటికైనా చెప్పొచ్చు, కిరణ్ ఉన్నాడు. అన్నయ్యతో మాట్లాడుకుని చెప్తానన్నా సరే. వస్తే మాత్రం రాత్రి మా ఇంట్లోనే పడుకో, లేదా కిరణ్ ఏఈసీఎస్ లేఅవుట్ దాకా దింపి వస్తాడు. ఆటోలో ఒంటరిగా పంపను.

నీ గోంగూర డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. ఆదివారం పొద్దున దోసెలకి ఇద్దరూ రండి, అప్పుడు ఇస్తాను. శనివారం సంగతి ఏదైనా దోసెలు ఉంటాయి, పిండి ఎలాగూ రుబ్బుతున్నాను.

శ్రావణి