నైట్ డ్యూటీ మార్పు కోసం వార్డు సూపర్‌వైజర్ గారికి అభ్యర్థన

మేడమ్ గారికి నమస్కారం.

సర్జికల్ వార్డు స్టాఫ్ నర్సు సుజాత రాస్తున్నాను. ఈ నెల 15వ తేదీ శుక్రవారం నాకు పడిన నైట్ డ్యూటీని సిస్టర్ విజయ చేసేటట్టు, అందుకు బదులుగా 24వ తేదీ ఆదివారం ఆమెకు పడిన నైట్ నేను చేసేటట్టు మార్చుకోవడానికి మీ అనుమతి కోరుతున్నాను. సిస్టర్ విజయ ఇందుకు ఒప్పుకున్నారు. 16, 17 తేదీల్లో నాకున్న మిగతా రెండు నైట్లు మాత్రం నేనే చేస్తాను, వాటిలో మార్పేమీ అడగడం లేదు.

మీకు తెలిసిందే, 11వ తేదీ సోమవారం తెల్లవారుజామున మా పెద్దమ్మ చనిపోయారు. ఆ ఉదయం నేను ఫోన్ చేయగానే ఇంకేమీ అడగకుండా రెండు రోజులు క్యాజువల్ లీవు రాసుకుని, నా బదులు డ్యూటీకి మనిషిని కూడా మీరే చూసుకున్నారు. ఆ సహాయానికి అప్పుడు సరిగా కృతజ్ఞత చెప్పే స్థితిలో లేను, ఇప్పుడు చెప్పుకుంటున్నాను. అంత్యక్రియలు ముగిశాక ఈరోజు ఉదయం డ్యూటీలో చేరాను.

ఇంట్లో మరణం సంభవించినప్పుడు ఇచ్చే ప్రత్యేక సెలవు తల్లిదండ్రులు, భర్త, పిల్లల విషయంలోనే వర్తిస్తుందని ఆఫీసులో చెప్పారు. కాగితం మీద ఆమె నాకు పెద్దమ్మే. కానీ అమ్మ ఉద్యోగానికి వెళ్లిపోయిన రోజుల్లో నాకు జడ వేసి బడికి పంపింది, నర్సింగ్ పరీక్షలకు చదువుకునేటప్పుడు నేను పుస్తకం మూసేదాకా తానూ పడుకోకుండా కూర్చున్నది ఆమే. ఆ నిబంధన మీద వాదించడానికి ఇది రాయడం లేదు. సెలవు కాకుండా డ్యూటీ మార్పు ఎందుకు అడుగుతున్నానో మీకు తెలియాలని మాత్రమే చెబుతున్నాను.

శుక్రవారం రాత్రి నేను ఇంట్లో ఉండవలసిన అవసరం అమ్మ వల్ల వచ్చింది. అమ్మకు 71 ఏళ్లు. గత పదకొండేళ్లుగా అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే గదిలో పడుకునేవారు. పగలు పక్కింటివాళ్లు, బంధువులు ఎవరో ఒకరు ఉంటున్నారు కనుక ఫర్వాలేదు. రాత్రి రెండు దాటాక అమ్మ లేచి, చీకట్లోనే రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఒకటి పెద్దమ్మ మంచం పక్కన పెడుతోంది. కాసేపటికి తనకే గుర్తొచ్చి అక్కడే కూర్చుండిపోతోంది. నిన్న రాత్రి అలా లేచినప్పుడు గడప తగిలి తూలింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి పట్టుకోగలిగాను. ఆమెకు రక్తపోటు మందులు కూడా నడుస్తున్నాయి. ముసలివాళ్లు రాత్రిపూట పడితే ఏమవుతుందో మన వార్డులో తుంటి ఎముక విరిగి వచ్చినవాళ్లను చూస్తూనే ఉన్నాం. మా తమ్ముడు 16వ తేదీ మధ్యాహ్నానికి వచ్చి రెండు వారాలు ఉంటాడు. ఈరోజూ రేపూ రాత్రి నేను ఇంట్లోనే ఉంటాను. మనిషి లేని రాత్రి శుక్రవారం ఒక్కటే.

ఇంకొక విషయం దాచకుండా చెప్పడం నా బాధ్యత. ఈరోజు ఉదయం పన్నెండో బెడ్ పేషెంటుకు ఇన్సులిన్ లోడ్ చేస్తూ, చార్టులో ఉన్న అంకెను మూడుసార్లు చదివినా తలకెక్కలేదు. సిరంజి ట్రేలో పెట్టేసి, పక్కనున్న సిస్టర్‌ను పిలిచి డోసు సరిచూడమన్నాను. ఆమె చూసి సరిగానే ఉందన్నాకే ఇచ్చాను. పొరపాటేమీ జరగలేదు. పగలు కాబట్టి పిలవగానే పలికే మనిషి పక్కన ఉన్నారు. శుక్రవారం ఆపరేషన్లయినవాళ్లు సాయంత్రానికి వార్డుకు వచ్చేస్తారు. ఆ రాత్రి డ్రెయిన్లు, యూరిన్ ఔట్‌పుట్, గంటగంటకూ బీపీ, పల్స్ చూసుకుంటూ ముప్పై బెడ్లకు ఇద్దరమే ఉంటాం. మూడు రాత్రులుగా నిద్ర లేని నేను ఆ పనికి తగిన స్థితిలో లేనని నాకే అనిపిస్తోంది.

ఈ సంగతి విని, గత నెలలో మన వార్డులో చేరిన కొత్త సిస్టర్ తానే వచ్చి శుక్రవారం నైట్ చేస్తానన్నారు. ఆమె మంచి మనసుకు సంతోషించాను గానీ నేనే వద్దన్నాను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న రెండో సిస్టర్ కూడా కొత్తవారే. పొటాషియం, హెపారిన్ వంటి మందులు ఇచ్చేముందు ఇద్దరూ ఒకరినొకరు సరిచూసుకోవాలంటే, ఆ ఇద్దరిలో ఒక్కరైనా వాటికి చేయి తిరిగినవారై ఉండాలి. సిస్టర్ విజయ మన దగ్గరికి రాకముందు నాలుగేళ్లు పోస్ట్ ఆపరేటివ్ వార్డులో పనిచేశారు. అందుకే ఆమెను అడిగాను.

రోస్టర్ పక్కన పెట్టుకుని ఇద్దరం లెక్క చూసుకున్నాం. శుక్రవారం ఆమెకున్న మార్నింగ్ డ్యూటీ నేను చేస్తాను, మధ్యాహ్నం రెండింటికి ఇంటికి వెళ్లిపోతాను. ఆమె రాత్రి ఎనిమిదికి వచ్చి 16వ తేదీ ఉదయం ఎనిమిదికి దిగుతారు. ఆ రోజు ఆమెకు ఎలాగూ వీక్లీ ఆఫ్. 24న నాకున్న మార్నింగ్ ఆమె చేస్తారు, నైట్ నేను చేస్తాను. 25న నాకు వీక్లీ ఆఫ్ ఉంది. ఆమె 25, 26 నైట్లు మామూలుగానే ఉంటాయి. కాబట్టి ఎవరూ నైట్ దిగి వెంటనే మార్నింగ్ ఎక్కవలసిన పరిస్థితి లేదు, మూడో మనిషి డ్యూటీ కదిలించే పని కూడా లేదు. ఎక్కడైనా మేము చూడని చిక్కు ఉంటే మీకు కనిపిస్తుంది కనుక దయచేసి ఒకసారి పరిశీలించండి.

ఈ మార్పు కుదరని పక్షంలో, శుక్రవారం రాత్రిని జీతం లేని సెలవుగా రాసినా నాకు అభ్యంతరం లేదు. బదులు మనిషి దొరికితేనే సుమా, వార్డులో ఒక్కరే మిగిలేటట్టు నేను సెలవు అడగను. రెండూ కుదరకపోతే డ్యూటీకి వస్తాను. అమ్మ దగ్గర ఆ రాత్రికి ఎవరినైనా బతిమాలి ఉంచుతాను. అలా రావలసి వస్తే మాత్రం, ఇన్సులిన్, పొటాషియం, రక్తం ఎక్కించడం వంటివి ఆ రాత్రి నేను ఒంటరిగా చేయకుండా, పక్క వార్డు సీనియర్ సిస్టర్ వచ్చి సరిచూసేలా మీరు ముందుగా ఒక మాట చెప్పి ఉంచాలని మనవి.

రేపు మధ్యాహ్నం హ్యాండోవర్ లోపు మీ నిర్ణయం తెలిస్తే సిస్టర్ విజయ కూడా తన ఇంట్లో చెప్పుకోవడానికి వీలవుతుంది. మీరు సరేనంటే ఇద్దరం డ్యూటీ మార్పు రిజిస్టరులో సంతకాలు చేస్తాం. రేపు నాకు మార్నింగే కనుక మీరు పిలిస్తే వచ్చి మాట్లాడతాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
సుజాత
స్టాఫ్ నర్సు, సర్జికల్ వార్డు
13వ తేదీ, బుధవారం